గోల్డ్ బాండ్‌ను గడువుకు ముందే అమ్మాలా? ఎక్స్ఛేంజ్, ఆర్‌బీఐ కిటికీ, లోన్: ఏది ఎవరికి

మా వదిన స్కూల్ టీచర్. 2022 ఆగస్టులో 20 గ్రాముల సావరిన్ గోల్డ్ బాండ్లు, అంటే బంగారం ధరతో పాటే విలువ మారే ప్రభుత్వ బాండ్లు, కొన్నది. కూతురి కాలేజీ ఫీజుకి లక్ష రూపాయలు కావాల్సి వచ్చి, డీమాట్ యాప్ తెరిచి చూసి నాకు ఫోన్ చేసింది. "బంగారం గ్రాము పదిహేను వేలు అంటున్నారు, నా బాండ్ పద్నాలుగు వేల ఆరొందలే చూపిస్తోంది. ఆ నాలుగొందలు ఎటు పోయాయి? అసలు ఇప్పుడు అమ్మొచ్చా?" అని.

ఆమెకు చెప్పినదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. బంగారం ధర రోజూ మారుతుంది కాబట్టి లెక్క తేలిగ్గా ఉండేలా అంకెలను కొంచెం సర్దాను. మీ బాండ్‌కి చేసుకునేటప్పుడు ఆ రోజు ధరలు పెట్టుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

## ముందు ఈ నాలుగూ తెలియాలి

బాండ్ మీకు ఎలా వచ్చింది? ప్రభుత్వం ఇష్యూ చేసినప్పుడే కొన్నారా, తర్వాత ఎక్స్ఛేంజ్‌లో ఇంకొకరి దగ్గర కొన్నారా? ఒకప్పుడు ఇది పెద్ద తేడా కాదు. గడువు తీరాక ఆర్‌బీఐ నుంచి డబ్బు తీసుకునే వ్యక్తికి, ఎక్కడ కొన్నా లాభంపై పన్ను ఉండేది కాదు. 2026 బడ్జెట్ దీన్ని మార్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి, మొదటి ఇష్యూలోనే కొని మెచ్యూరిటీ దాకా వదలకుండా ఉంచుకున్న వ్యక్తులకే ఆ మినహాయింపు. మీరు ఏ దారి ఎంచుకోవాలన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

తర్వాతి కిటికీ ఎప్పుడు? బాండ్ గడువు ఎనిమిదేళ్లు. ఐదేళ్లు నిండాక, వడ్డీ వచ్చే తేదీల్లో మాత్రమే, అంటే ఆరు నెలలకోసారి, ఆర్‌బీఐ గడువుకు ముందే వెనక్కి తీసుకుంటుంది. వదిన బాండ్ స్క్రీన్ మీద `SGBAUG30` అని కనిపిస్తుంది. చాలామంది ఆ 30ని తేదీ అనుకుంటారు. అది గడువు తీరే సంవత్సరం, అంటే 2030 ఆగస్టు. ఆమెకు మొదటి కిటికీ 2027 ఆగస్టులో తెరుచుకుంటుంది.

అసలైన డిస్కౌంట్ ఎంత, అంటే బంగారం ధర కంటే బాండ్ ఎంత తక్కువకి పోతోంది? దీన్ని తప్పుగా కొలిచేవాళ్లే ఎక్కువ. కింద విడిగా చెబుతాను.

డబ్బు ఎంత కావాలి, మళ్లీ ఎప్పుడు చేతికొస్తుంది? ఒక గ్రాము నుంచి ఎంతైనా అమ్ముకోవచ్చు. అందుకే "అమ్మాలా వద్దా" కంటే "ఎన్ని గ్రాములు అమ్మాలి" అన్న ప్రశ్నే పనికొస్తుంది.

## డిస్కౌంట్ ఎందుకుంటుంది, ఎలా కొలవాలి

నగల షాపు బోర్డు మీద రేటుతో బాండ్ ధరను పోల్చకండి. అక్కడ కట్టే బిల్లులో జీఎస్టీ కలుస్తుంది, పైగా ఆ రేటు చాలాసార్లు 22 క్యారెట్లది. ఆర్‌బీఐ మీకు చెల్లించేది 999 స్వచ్ఛత గల బంగారానికి ఐబీజేఏ, అంటే బులియన్, నగల వ్యాపారుల సంఘం, ప్రకటించే ముగింపు ధర ప్రకారం. తేదీకి ముందు మూడు పని దినాల ముగింపు ధరల సగటు తీసుకుంటారు. అందులో జీఎస్టీ ఉండదు. కాబట్టి పోల్చాల్సింది ఐబీజేఏ 999 ధరతోనే. వాళ్లు దాన్ని 10 గ్రాములకు ఇస్తారు, పదితో భాగించుకోవాలి.

వదిన విషయంలో ఐబీజేఏ ధర గ్రాముకు 15,000, కొనేవాళ్లు ఇస్తామంటున్నది 14,600. తేడా 400, అంటే సుమారు 2.7 శాతం. ఇక్కడ ఇంకో జాగ్రత్త. యాప్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించేది చివరగా జరిగిన లావాదేవీ ధర. అది నిన్నటిదైనా కావచ్చు. మీకు వచ్చేది ఇప్పుడు కొనేవాళ్లు పెట్టిన ధర, అదే బిడ్.

మరి ఆ 400 ఎటు పోయాయి? ఎవరూ కాజేయలేదు. గోల్డ్ ఈటీఎఫ్‌లో ధర పడిపోతే పెద్ద సంస్థలు యూనిట్లు కొని, వాటికి బదులు అసలు బంగారాన్నే తీసుకెళ్తాయి, దాంతో తేడా త్వరగానే పూడిపోతుంది. గోల్డ్ బాండ్‌కి అలాంటి తలుపు లేదు. ఇవాళ చవగ్గా కొన్నవాడు ఆర్‌బీఐ దగ్గరికి వెళ్లడానికి కిటికీ దాకా ఆగాల్సిందే. ఆ ఎదురుచూపుకి ప్రతిఫలం అడుగుతాడు. కొనేవాళ్లు తక్కువగా ఉన్న సిరీస్‌లో, అంటే ఇష్యూ విడతలో, ఇంకొంచెం ఎక్కువ అడుగుతాడు. పైగా 2026 ఏప్రిల్ తర్వాత మీ దగ్గర కొన్నవాడికి మెచ్యూరిటీలో కూడా పన్ను ఉంది. ఆ పన్నునీ ఇప్పుడే ధరలో తగ్గించుకుని చూస్తాడు. ఒకప్పుడు ఇవే బాండ్లు బంగారం ధర కంటే ఎక్కువకి, ప్రీమియంతో, అమ్ముడైన రోజులున్నాయి. 2024 ఫిబ్రవరి తర్వాత ప్రభుత్వం కొత్త ఇష్యూలు తేలేదు కాబట్టి, కావాలనుకున్నవాళ్లు ఎక్స్ఛేంజ్‌కే వచ్చేవాళ్లు. పన్ను మినహాయింపు ఆశ కూడా ఆ ధరలో ఉండేది. పాత వీడియోలు చూసి ఇప్పటికీ ఆ ప్రీమియం ఆశించకండి.

## వడ్డీ మాట

వడ్డీ ఏడాదికి 2.5 శాతం, తొలినాళ్ల సిరీస్‌లకు 2.75. ఆరు నెలలకోసారి బ్యాంక్ ఖాతాలో పడుతుంది. అయితే ఇది ఇష్యూ ధర మీద లెక్కగట్టే వడ్డీ, ఇప్పటి బంగారం ధర మీద కాదు. వదిన సిరీస్ ఇష్యూ ధర గ్రాముకు 5,197. దాని మీద 2.5 శాతం అంటే ఏడాదికి దాదాపు 130 రూపాయలు, ఆరు నెలలకు 65. బంగారం ఎంత పెరిగినా ఆ 130 అలాగే ఉంటుంది.

ఇప్పటి 15,000 విలువతో చూస్తే అది ఏడాదికి 0.9 శాతం కూడా కాదు. "బంగారంతో పాటు రెండున్నర శాతం వస్తోంది కదా, ఎందుకు అమ్మడం" అనుకునేవాళ్లు ఈ అంకె ఒక్కసారి చూసుకోవాలి. వడ్డీ కోసమే బాండ్‌ని పట్టుకుని కూర్చోవాల్సిన పనిలేదు.

వడ్డీ తేదీల మధ్యలో అమ్మితే అప్పటిదాకా పేరుకున్న వడ్డీ విడిగా రాదు. స్క్రీన్ మీద కనిపించే ధరలోనే అది కలిసి ఉంటుంది. రికార్డ్ తేదీన బాండ్ ఎవరి డీమాట్‌లో ఉంటే ఆరు నెలల వడ్డీ మొత్తం వాళ్లకే వెళ్తుంది. రెండు మూడు వారాల్లో వడ్డీ తేదీ ఉంటే ఆగడం మంచిదే. కానీ గ్రాముకు 65 రూపాయల కోసం పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. బంగారం ఒక్కరోజులోనే అంతకు మించి కదులుతుంది, బిడ్‌కీ అమ్మకందారు అడిగే ధరకీ మధ్య తేడా కూడా తరచూ అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఈ వడ్డీ మీ ఆదాయంలో కలిసి స్లాబ్ ప్రకారం పన్ను పడుతుందనీ గుర్తుంచుకోండి.

## వదిన 20 గ్రాముల లెక్క

మొత్తం 20 గ్రాములు ఒకేసారి వదిలించుకుంటే ఏ దారిలో ఎంత మిగులుతుందో చూద్దాం. కొన్న ఖర్చు 20 × 5,197 = 1,03,940. పోలిక కోసం మూడు దారుల్లోనూ ఐబీజేఏ ధర 15,000 దగ్గరే ఉందనుకుందాం. ఎక్స్ఛేంజ్‌లో ఏడాది దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్. షేర్లకు ఉండే 1.25 లక్షల మినహాయింపు దీనికి వర్తించదు. ఏడాదిలోపే అమ్మితే లాభం మీ ఆదాయంలో కలిసి స్లాబ్ ప్రకారం పన్ను పడుతుంది.

| | ఇప్పుడే ఎక్స్ఛేంజ్‌లో | 2027 కిటికీలో ఆర్‌బీఐకి | 2030 మెచ్యూరిటీ |
|---|---|---|---|
| గ్రాము ధర | 14,600 | 15,000 | 15,000 |
| చేతికొచ్చేది | 2,92,000 | 3,00,000 | 3,00,000 |
| పన్ను, సెస్‌తో | సుమారు 24,450 | సుమారు 25,490 | లేదు |
| మిగిలేది | 2,67,550 | 2,74,510 | 3,00,000 |

ఎక్స్ఛేంజ్‌లో బ్రోకరేజీ, డీపీ, అంటే డీమాట్ ఖాతా నడిపే సంస్థ, చార్జీలు కొంచెం పోతాయి. మిగతా రెండు దారుల్లో అప్పటిదాకా వచ్చే వడ్డీ అదనం.

ఈ పట్టికలో నన్ను ఆపింది డిస్కౌంట్ కాదు. ఎక్స్ఛేంజ్‌కీ మెచ్యూరిటీకీ మధ్య తేడా 32,450. అందులో డిస్కౌంట్ వాటా 8,000 మాత్రమే, మిగతాదంతా పన్ను. స్క్రీన్ మీద కనిపించే 400 రూపాయల గురించి బాధపడతాం, కనిపించని పన్ను దానికి మూడింతలు. ఇంకోలా చూస్తే, వదిన ఉంచుకుంటే 2030 నాటికి బంగారం గ్రాముకు 13,377 దాకా పడిపోయినా, ఇప్పుడు అమ్మినప్పుడు మిగిలేంత చేతికొస్తుంది, మధ్యలో వడ్డీ కాక. మొదటి ఇష్యూలో కొన్నవాళ్లకు ఉన్న ఈ వెసులుబాటును చిన్న అవసరం కోసం పోగొట్టుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

## ఒక్కో దారిలో మెలికలు

ఎక్స్ఛేంజ్. దీని గొప్పతనం వేగం. ఇవాళ అమ్మితే మరుసటి పనిదినం డబ్బు సెటిల్ అవుతుంది. కానీ బాండ్ డీమాట్‌లో ఉండాలి. బ్యాంకులోనో పోస్టాఫీసులోనో కొని సర్టిఫికెట్ రూపంలో ఉంచుకున్నవాళ్లు ముందు డీమాట్‌లోకి మార్చుకోవాలి. అది ఒకటి రెండు రోజుల్లో తేలే పని కాదు, పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా వెనక్కి రావచ్చు. ఫీజు గడువు దగ్గర పడ్డాక మొదలుపెడితే ఇబ్బంది పడతారు.

ఇక్కడ డబ్బు పోయే చోటు మార్కెట్ ఆర్డర్. వదిన స్క్రీన్ మీద బిడ్లు ఇలా ఉన్నాయనుకోండి: 14,600 దగ్గర 3 గ్రాములు, 14,520 దగ్గర 5, తర్వాత 14,200 దగ్గర 12. మార్కెట్ ఆర్డర్‌తో 20 గ్రాములూ అమ్మితే పై బిడ్ నుంచి కింది దాకా దిగుతూ పోతుంది. మొత్తం 2,86,800 వస్తుంది, సగటున గ్రాముకు 14,340. అంటే 14,600 లెక్కన రావాల్సిన దానికంటే 5,200 తక్కువ, అదీ కొన్ని సెకన్లలో. నేను మొదటిసారి అమ్మినప్పుడు ఈ తప్పే చేశాను, అందుకే ఇంత చెబుతున్నాను. ఎప్పుడూ లిమిట్ ఆర్డరే, అంటే ఇంతకు తగ్గి అమ్మకూడదని మీరే ధర చెప్పే ఆర్డరే, పెట్టండి. మార్కెట్ డెప్త్ తెరిచి ఏ ధర దగ్గర ఎన్ని గ్రాములకు కొనేవాళ్లున్నారో చూడండి. రెండు మూడు సిరీస్‌లు మీ దగ్గర ఉంటే, తక్కువ డిస్కౌంట్‌తో ఎక్కువగా చేతులు మారుతున్నదాన్ని అమ్మండి. అన్నీ ఒకే బంగారం, ఒకే గ్రాము అయినా ధరలు ఒకేలా ఉండవు.

ఆర్‌బీఐ కిటికీ. డిస్కౌంట్ ఉండదు, కొనేవాడి కోసం వెతుక్కునే పని లేదు. ఒక గ్రాము చొప్పున కొంత భాగమే వెనక్కి ఇవ్వొచ్చు కూడా. వడ్డీ తేదీకి నెల రోజుల ముందు బాండ్ కొన్న బ్యాంకునో పోస్టాఫీసునో, డీమాట్‌లో ఉంటే డీపీనో సంప్రదించాలి. ఏ సిరీస్‌కి దరఖాస్తు తేదీలు ఏవో ఆర్‌బీఐ ఆరు నెలలకోసారి ప్రకటిస్తుంది. ఆ తేదీలు దాటితే ఇంకో ఆరు నెలలు ఆగాల్సిందే.

రెండు సంగతులు చాలామందికి తట్టవు. మొదటిది, కొత్త నిబంధనతో ఈ దారిలో కూడా పన్ను ఉంది, ఎందుకంటే మినహాయింపు మెచ్యూరిటీకే. రెండోది, దరఖాస్తు పెట్టే రోజు మీకు ఎంత వస్తుందో తెలియదు. ధర తేలేది చివరి మూడు పని దినాల్లో. కాబట్టి కిటికీ నెల రోజుల దూరంలో ఉన్నప్పుడు ఆగడం అంటే 400 రూపాయలు ఖాయంగా సంపాదించడం కాదు, ఇంకో నెల బంగారాన్ని పట్టుకుని ఉండటం. ఆ నెలలో బంగారం మూడు శాతం పడితే ఆ 400 పోయినట్టే. డబ్బు ఫలానా తేదీకి ఖచ్చితంగా కావాల్సినవాళ్లు దీన్ని మర్చిపోకూడదు. తొందర లేనివాళ్లు మాత్రం ఆగడమే మేలు.

బాండ్ మీద లోన్. గోల్డ్ లోన్‌కి ఉన్న నిబంధనల మేరకే వీటి మీదా అప్పు ఇవ్వొచ్చు, కానీ ఇచ్చే బ్యాంకులు తక్కువ. ముందే కనుక్కోండి. వదినకు కావాల్సింది లక్ష. అందుకు ఆమె 8 గ్రాములు అమ్మాలి. చేతికొచ్చేది 1,16,800, పన్ను సుమారు 9,780, మిగిలేది 1,07,020. ఏడు గ్రాములైతే పన్ను పోగా లక్షకి తక్కువ పడుతుంది. ఈ 8 గ్రాములు మెచ్యూరిటీ దాకా ఉంచుకోకపోవడం వల్ల ఆమె పోగొట్టుకునేది డిస్కౌంట్ 3,200, పన్ను 9,780, వెరసి 12,980. అంతే మొత్తాన్ని 10 శాతం వడ్డీకి అప్పు తెచ్చుకుంటే ఏడాదికి 10,700. అంటే సుమారు పద్నాలుగు నెలల్లోపు తీర్చగలిగితే అప్పే చవక, అంతకు మించితే అమ్మకమే నయం.

## ఎవరికి ఏది

మొదటి ఇష్యూలో కొని, మెచ్యూరిటీకి ఏడాదో రెండేళ్లో మిగిలినవాళ్లు ఎక్స్ఛేంజ్ వైపు చూడకపోవడమే మంచిది. ఆరు నెలల్లో చిట్టీ డబ్బులు రావాల్సి ఉన్నా, బోనస్ వచ్చేది ఉన్నా లోన్ తీసుకుని గట్టెక్కండి. పన్ను మినహాయింపు చేతికందే దూరంలో ఉంది.

ఎక్స్ఛేంజ్‌లో కొన్నవాళ్లకు ఆ మినహాయింపే లేదు. వాళ్ల లెక్క చాలా సులువు. ఎప్పుడు అమ్మినా పన్ను ఉంటుంది కాబట్టి డిస్కౌంట్ ఒక్కటే చూసుకోవాలి. ఐదేళ్లు దాటిన సిరీస్ అయితే ఆర్‌బీఐ కిటికీ ఎప్పుడూ ఆరు నెలల లోపే ఉంటుంది. డిస్కౌంట్ ఒక శాతంలోపు ఉంటే అమ్మేయొచ్చు, మూడు నాలుగు శాతం ఉండి తొందర లేకపోతే ఆగొచ్చు.

వేరే ఆదాయం లేని గృహిణి పేరుమీదో, పెన్షన్ లేని పెద్దవాళ్ల పేరుమీదో బాండ్లుంటే పై పట్టిక మారిపోతుంది. మన దేశంలోనే ఉంటున్న వ్యక్తికి ఈ లాభంతో కలిపి కూడా మొత్తం ఆదాయం పన్ను మొదలయ్యే పరిమితి దాటకపోతే, ఆ దీర్ఘకాలిక లాభంపై పన్ను పడదు. కొత్త విధానంలో ఆ పరిమితి 4 లక్షలు. అలాంటివాళ్లకు ఎక్స్ఛేంజ్‌లో పోయేది డిస్కౌంట్ ఒక్కటే. ఇంట్లో ఇద్దరి పేర్ల మీద బాండ్లుంటే ఎవరివి ముందు అమ్మాలో దీన్నిబట్టి తేల్చుకోవచ్చు.

బంగారం పడుతుందేమో అని భయపడి అమ్ముదామనుకునేవాళ్లకు ఒక్క మాట. ధర పడే రోజుల్లో కొనేవాళ్లు వెనక్కి తగ్గి డిస్కౌంట్ కూడా పెరగొచ్చు. 2024 జులైలో దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు బంగారం ధర, దాంతో బాండ్ల ధర ఒక్కసారిగా దిగాయి. అలాంటి రోజున కంగారుగా మార్కెట్ ఆర్డర్ పెట్టడం కంటే రెండు రోజులు ఆగి డెప్త్ చూసుకోవడం నయం.

ఇక వదిన విషయానికొస్తే, ఏడాదిలో అప్పు తీర్చే దారి ఆమెకు కనిపించలేదు. వచ్చే ఏడు మళ్లీ ఫీజే. అందుకే 8 గ్రాములే అమ్మి, 12 గ్రాములు 2030 దాకా కదపకూడదని అనుకుంది. ఉదయం పదకొండింటికి 14,600 దగ్గర లిమిట్ ఆర్డర్ పెట్టింది. సాయంత్రానికి 5 గ్రాములు పోయాయి, మిగిలిన మూడూ మర్నాడు. వచ్చిన డబ్బులో లక్ష కాలేజీకి కట్టి, పన్ను కోసం పదివేలు విడిగా తీసిపెట్టుకుంది.